మా మేనల్లుడి లిమిట్ ఐదు రెట్లు పెంచారు

మొన్న సంక్రాంతికి కాశీబుగ్గ వెళ్లాను. కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగు మీద కూర్చుంటే మా అక్క కొడుకు వచ్చి పక్కన చేరాడు. వాడికి 23 ఏళ్లు. డిగ్రీ అయింది, పలాసలో ఒక మొబైల్ షాపులో చేస్తున్నాడు. లోపల వాళ్లమ్మ వింటుందేమోనని గొంతు తగ్గించి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"చూడు మావయ్యా, నా లిమిట్ పెంచీసినారు. వీఐపీ అట. బాగా ఆడుతున్నాననే కదా?"

అదొక క్రికెట్ బెట్టింగ్ యాప్. ఒక్కో పందేనికి 10,000 వరకే ఉన్న పరిమితిని 50,000 చేశామని, ఇకనుంచి తనకంటూ ఒక మేనేజర్ ఉంటాడని మెసేజ్. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినంత సంబరంగా ఉన్నాడు వాడు.

నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. అలాంటి నిర్ణయాలు జరిగే గదిలో నేను ఆరేళ్లు పనిచేశాను. ఇంగ్లండ్‌లో, పందేలకు చట్టం ఒప్పుకునే చోట, ఒక కంపెనీలో క్రికెట్ ట్రేడర్‌గా చేశాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. రేట్లు పెట్టడం, వాటిని మార్చడం, ఎవరి పందెం ఎంతవరకు తీసుకోవాలో తేల్చడం మా పని. వాడికి ఆ అరుగు మీద సగం సగంగా చెప్పిన సంగతి పూర్తిగా రాయాలని అప్పుడే అనుకున్నాను.

ముందు ఒక మాట. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గేమింగ్ చట్టానికి చేసిన సవరణతో ఆన్‌లైన్ పందేలు నేరమయ్యాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధించింది. వాడి ఫోన్‌లో ఉన్నది ఎక్కడో విదేశంలో కూర్చుని నడిపే యాప్. కాబట్టి పందెం ఎలా కాయాలో నేర్పడానికి ఇది రాయడం లేదు. అవతల కూర్చున్నవాడు మిమ్మల్ని చూసి ఏం లెక్క వేస్తాడో చెప్పడానికి రాస్తున్నాను.

మనవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. బుకీ రెండు జట్ల మీదా డబ్బు సమానంగా పడేలా రేటు తిప్పుతూ ఉంటాడని, ఎవరు గెలిచినా మధ్యలో తన కమిషన్ తను తీసుకుని పక్కకు తప్పుకుంటాడని. ఫోన్ మీద పందేలు తీసుకునే చిన్న బుకీ విషయంలో ఇది కొంత నిజమే. అతని దగ్గర పెట్టుబడి తక్కువ, ఒక మ్యాచ్ తిరగబడితే ఊరు వదిలిపోవాలి. అందుకే ఒకవైపు బరువు పెరగగానే ఆ కొంత తీసుకెళ్లి పైబుకీ దగ్గర తనే పందెం కాసి దించుకుంటాడు. పెద్ద కంపెనీ ట్రేడింగ్ గదిలో మాత్రం అలా జరగదు. నేను చేరిన మొదటి వారంలోనే నా సీనియర్ ఈ నమ్మకాన్ని ఒక కాగితం మీద లెక్క వేసి పోగొట్టాడు. అదే లెక్క రూపాయల్లోకి మార్చి చెబుతాను.

ఒక టీ20 మ్యాచ్. ఎర్ర జట్టు, నీలి జట్టు. రెండూ సమ ఉజ్జీలే అని మా అంచనా. అప్పుడు న్యాయమైన రేటు రెండింటికీ 2.00 అవ్వాలి, అంటే రూపాయి పెడితే రూపాయి లాభం. మేము మాత్రం రెండింటికీ 1.90 పెడతాం. మన బుకీల భాషలో తొంభై పైసలు. ఆ తగ్గించిన పది పైసల్లోనే కంపెనీ లాభం ఉంది. వచ్చిన ప్రతి వంద రూపాయల మీదా సగటున ఐదు రూపాయలు మిగలాలి.

ఎర్ర జట్టుకి అభిమానులు ఎక్కువ. మ్యాచ్ రోజు మధ్యాహ్నానికి ఎర్ర జట్టు మీద 6 లక్షలు, నీలి జట్టు మీద 4 లక్షలు పడ్డాయి. మొత్తం 10 లక్షలు. ఎర్ర జట్టు గెలిస్తే 6 లక్షలకి 1.90 చొప్పున 11,40,000 చెల్లించాలి, 1,40,000 నష్టం. నీలి జట్టు గెలిస్తే 7,60,000 చెల్లిస్తే చాలు, 2,40,000 లాభం. మా తెరమీద ఎర్ర జట్టు పక్కన మైనస్ 1,40,000 అని ఎర్రక్షరాల్లో కనిపిస్తుంది. దీన్నే లయబిలిటీ అంటారు, ఆ ఫలితం వస్తే మన జేబులోంచి పోయే సొమ్ము.

కొత్త ట్రేడర్‌కి ఆ ఎర్రంకె చూడగానే టెన్షన్. ఎర్ర జట్టు రేటు 1.80కి తగ్గించి, నీలి జట్టు రేటు 2.00కి పెంచేస్తాడు. నేనూ అదే చేశాను. సీనియర్ కాగితం మీద రాసి చూపించాడు. పెంచిన రేటు చూసి నీలి జట్టు మీద ఇంకో 1,90,000 వచ్చిందనుకో. ఎర్ర గెలిస్తే 1,40,000 నష్టం కాస్తా 50,000 లాభంగా మారుతుంది. నీలి గెలిస్తే 2,40,000 లాభం తగ్గి అదీ 50,000 అవుతుంది. ఎవరు గెలిచినా 50,000 ఖాయం. చూడ్డానికి ఎంత బాగుంది! కానీ ఏమీ ముట్టుకోకుండా వదిలేసి ఉంటే సగటు లాభం ఎంత? సగం సార్లు 1,40,000 పోతుంది, సగం సార్లు 2,40,000 వస్తుంది. సగటు అదే 50,000. అంటే కొత్తగా వచ్చిన 1,90,000 వ్యాపారం మీద మేము ఒక్క రూపాయి సంపాదించలేదు. 1.90 రేటుకే ఆ డబ్బు వచ్చి ఉంటే దాని మీద 9,500 మిగిలేది. దాన్ని వదులుకుని మనశ్శాంతి కొనుక్కున్నాం.

ఏడాదికి వేల మ్యాచ్‌లు నడిపే కంపెనీకి ఒక మ్యాచ్‌లో లక్షా నలభై వేల మనశ్శాంతి అక్కర్లేదు. ఇవాళ పోయింది రేపు వస్తుంది, సగటు నిలబడుతుంది. 2004లో స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్త అమెరికన్ ఫుట్‌బాల్ పందేల లెక్కలు తీసి ఇదే చూపించాడు. బుక్‌మేకర్లు రెండువైపులా డబ్బు సరితూగేలా చూసుకోవడం లేదని, జనం ఏవైపు మొగ్గుతారో తెలుసుకుని తామే ఒకవైపు నిలబడుతున్నారని.

లయబిలిటీ నిజంగా భయపెట్టే సందర్భాలు లేకపోలేదు. 2015-16 సీజన్ మొదట్లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో లెస్టర్ సిటీ ఛాంపియన్ అవుతుందంటే రూపాయికి 5,000 ఇస్తామన్నాయి అక్కడి కంపెనీలు. ఐదూ పది పౌండ్లు సరదాగా పెట్టినవాళ్లు ఉన్నారు. లెస్టర్ నిజంగానే గెలిచింది. సీజన్ చివరికొచ్చేసరికి కంపెనీలు పందెం పెట్టినవాళ్లని బతిమాలుకున్నట్టుగా, ఇప్పుడే ఇంత తీసుకుని వదిలేయండి అని ముందస్తు చెల్లింపులకి దిగాయి. అక్కడ పెట్టిన సొమ్ము చిన్నది, పోయే సొమ్ము పెద్దది. అందుకే ఏ ట్రేడింగ్ గదిలోనైనా పరిమితిని పెట్టే సొమ్ములో కాదు, పోయే సొమ్ములో లెక్కిస్తారు. గరిష్ఠ నష్టం 50,000 అనుకుంటే 1.90 రేటు మీద దాదాపు 55,000 పెట్టనిస్తారు, 11.00 రేటు మీద 5,000 దాటనివ్వరు. చాలామందికి తమ లిమిట్ ఒక్కో పందేనికి ఒక్కోలా కనిపించడానికి మామూలు కారణం ఇదే.

ఇక అసలు సంగతి. ఆ ఎర్ర, నీలి మ్యాచ్‌కే వద్దాం. రేట్లు 1.90, 1.90 దగ్గరే ఉన్నాయి. ఎర్ర జట్టు మీద మైనస్ 1,40,000 అలాగే ఉంది. టాస్‌కి గంట ముందు ఒక కస్టమర్ నీలి జట్టు మీద 20,000 అడుగుతాడు. అతని పరిమితి కన్నా ఎక్కువ కాబట్టి పందెం నేరుగా పడదు, ట్రేడర్ తెరమీదకి వస్తుంది. దాన్ని రిఫరల్ అంటాం. ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. కస్టమర్ నంబరు, అడిగిన సొమ్ము, రేటు, పక్కనే గడియారం వెనక్కి లెక్కిస్తూ ఉంటుంది. ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు, కొంత మాత్రమే తీసుకోవచ్చు, రేటు తగ్గించి తీసుకుంటావా అని అడగవచ్చు. ఇదంతా కొన్ని సెకన్లలో తేలిపోవాలి.

బుకీ రెండువైపులా సమానం చేస్తాడన్న నమ్మకం ప్రకారం చూస్తే ఇది దేవుడిచ్చిన పందెం. నీలి మీద డబ్బు వస్తే ఎర్ర మీద నష్టం తగ్గుతుంది. రేటు కదపాల్సిన పనే లేదు. కానీ ఆ కస్టమర్ నంబరు చూడగానే ట్రేడర్ చేసే పని వేరు. పందెం తీసుకుంటాడు, వెంటనే నీలి జట్టు రేటు 1.80కి దించేస్తాడు, ఎర్ర జట్టు రేటు 2.00కి పెంచేస్తాడు. ఇప్పటికే ఎక్కడ నష్టం ఉందో అక్కడికే ఇంకా డబ్బు రమ్మని పిలుస్తున్నాడన్న మాట.

మతిపోయి కాదు. ఆ కస్టమర్‌కి ఏదో తెలుసు. ఎర్ర జట్టు ప్రధాన బౌలర్‌కి ఉదయం ప్రాక్టీసులో కాలు పట్టేసి ఉండొచ్చు. పిచ్ మీద అతని అంచనా మాకన్నా మెరుగ్గా ఉండొచ్చు. ఏదైనా కానీ, ఇంతవరకు అతను డబ్బు పెట్టిన వైపుకే రేట్లు జరిగాయి. కాబట్టి నీలి జట్టు గెలిచే అవకాశం సగం కాదు, నూటికి 55 అనుకుందాం. అదే నిజమైతే ఎర్ర మీద పడిన 6 లక్షలు మాకు భారం కాదు, వరం. అతని పందెం తీసుకున్నాక ఎర్ర గెలిస్తే మా నష్టం 1,20,000, నీలి గెలిస్తే లాభం 2,22,000. నూటికి 55 లెక్కన సగటు 68,100. మధ్యాహ్నం 50,000 ఉన్న మా సగటు లాభం పెరిగింది.

మరి అతనికి మేము ఏమిచ్చాం? 55 శాతం గెలిచే జట్టుని 1.90కి అమ్మాం. అతని 20,000 మీద సగటు లాభం 900 రూపాయలు. నీలి జట్టుకి సరైన రేటు ఏదో చెప్పినందుకు మేము అతనికి కట్టిన ఫీజు ఆ 900. పరిమితి అన్నదాని అసలు అర్థం నాకు ఇక్కడే బోధపడింది. అతన్ని 20 లక్షలు పెట్టనిచ్చి ఉంటే అదే కబురుకి 90,000 కట్టాల్సి వచ్చేది. పరిమితి అంటే కంపెనీ ఒక కబురు కోసం ఎంతవరకు చెల్లించడానికి సిద్ధమో ఆ మొత్తం. మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు మాకేమీ తెలియదు కాబట్టి పరిమితి చిన్నది. తెలిసినవాళ్లు వచ్చి, రేటుని అటూ ఇటూ తోసి, టాస్ సమయానికి అది కుదురుకున్నాక పరిమితి పెరుగుతుంది.

ఇందులో నాకు అన్యాయం కనిపించదు. మా నాన్న చేసిందీ ఇదే. మాకు కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు కొట్టు ఉండేది. ఇంటికోసం కిలో, అరకిలో కొనేవాళ్లు ఎంతమంది వచ్చినా నాన్న ధర మార్చేవాడు కాదు. పెళ్లివాళ్లు వచ్చి పాతిక కిలోలు పట్టుకెళ్లినా అంతే. కానీ ఒకరోజు పొద్దున్నే కొట్టు తీస్తుండగా పెద్ద వ్యాపారి మనిషి వచ్చి, బేరం ఆడకుండా 320 గ్రేడు పది డబ్బాలు కావాలన్నాడు. బేరం ఆడకపోవడం చూసే నాన్నకి అనుమానం వచ్చింది. "రెండు డబ్బాలు పట్టుకెళ్లు, మిగతాది సాయంత్రం చూద్దాం" అన్నాడు. అతను వీధి మలుపు తిరగకముందే నాలుగు కొట్లకి ఫోన్ చేశాడు. 80 కిలోల జీడి పిక్కల బస్తా ధర పెరగబోతోందని మధ్యాహ్నానికి తెలిసింది. సాయంత్రానికి మా కొట్లో పప్పు ధర మారింది. ఆ రెండు డబ్బాల మీద నాన్నకి వచ్చే లాభం కొంత తగ్గింది. ఆ కబురు ఖరీదు అదే.

కానీ సాయంత్రం ఆ మనిషి మళ్లీ వచ్చినప్పుడు నాన్న కొత్త ధరకి మిగతా ఎనిమిది డబ్బాలూ ఇచ్చాడు. "నీకు వ్యాపారం తెలుసు కాబట్టి ఇకమీదట వంద గ్రాములే ఇస్తాను" అనలేదు. బోర్డు మీద రాసిన ధర పిల్లాడికీ అదే, పెద్ద వ్యాపారికీ అదే.

నేను పనిచేసిన గదిలో సరిగ్గా ఇక్కడే దారి చీలింది. పందేల కంపెనీల్లో కొన్ని నాన్నలాంటివి ఉన్నాయి. పినాకిల్ అనే కంపెనీ గెలిచేవాళ్లని తరిమేయబోమని బహిరంగంగానే చెప్పుకుంటుంది. తెలిసినవాళ్ల పందేలు తీసుకుంటుంది, వాటిని బట్టి రేటు దిద్దుకుంటుంది. అలాంటి చోట్ల తేలిన రేటు ప్రపంచమంతా తెరల మీద కనిపిస్తుంది. మిగతా కంపెనీలు చేసేదేమిటంటే ఆ రేటుని ఊరికే చూసి రాసుకోవడం. మా గదిలో కూడా ఎడమవైపు తెర అంతా పక్క కంపెనీల రేట్లే. కబురు ఉచితంగా దొరుకుతున్నప్పుడు తెలిసినవాడికి 900 ఎందుకు కట్టాలి? అందుకని అతన్ని గుర్తుపట్టగానే అతని ఖాతా పక్కన ఒక అంకె మార్చేస్తారు.

ఆ అంకె గురించి మామూలు కస్టమర్లకి తెలియదు. ప్రతి ఖాతాకీ ఒక గుణకం ఉంటుంది. కొత్తగా చేరినవాడికి 1. ఒక మ్యాచ్ మీద అందరికీ ఉన్న పరిమితి 20,000 అయితే అతనికీ 20,000. గుణకం 0.1 చేస్తే 2,000. 0.01 చేస్తే 200. తెరమీద రేటు మాత్రం అందరికీ 1.90 అనే కనిపిస్తుంది. అతను 20,000 కొట్టి బటన్ నొక్కాకే మీకు 200 మాత్రమే అనుమతి అని తెలుస్తుంది. అలాగే గుణకాన్ని 5 చేయొచ్చు. మా మేనల్లుడికి జరిగింది అదే అయ్యుండాలి.

మరి ఎవరికి ఏ అంకె వేయాలో ఎలా తేలుస్తారు? గెలిచినవాడికి తగ్గిస్తారు, ఓడినవాడికి పెంచుతారు అనుకుంటారు అందరూ. ఆటలో ఒకడు గెలిచాడా ఓడాడా అన్నది చాలాకాలం వరకు అదృష్టపు చప్పుడే. నిజంగా నూటికి ఐదు లాభం తెచ్చుకోగల నేర్పరి 1.90 రేటు మీద వెయ్యేసి రూపాయల పందేలు 100 కాశాడనుకోండి. అతనికి సగటున 5,000 రావాలి. కానీ అదృష్టం వల్ల అటో ఇటో 9,500 తేడా రావడం మామూలు. కాబట్టి వంద పందేల తర్వాత కూడా అతను నష్టంలో ఉండొచ్చు, ఏమీ తెలియనివాడు లాభంలో ఉండొచ్చు. ఖాతాలో డబ్బు చూసి ఏదీ చెప్పలేం.

అందుకే మేము చూసేది వేరే అంకె. పందెం కాసినప్పుడు అతనికి దొరికిన రేటు ఎంత, మ్యాచ్ మొదలయ్యే క్షణానికి ఆ రేటు ఎక్కడ ఆగింది. ఆ చివరి రేటులో అప్పటికి అందరికీ తెలిసినదంతా కలిసిపోయి ఉంటుంది. అతను 1.90కి కొన్నది మొదలయ్యే వేళకి 1.73 అయితే, మాకన్నా ముందే అతనికి తెలిసింది. ఆ పందెం గెలిచిందా ఓడిందా అన్నదానితో పని లేదు. ముప్పై, నలభై పందేల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటే మాకు సరిపోయేది. చివరి రేటు కన్నా మంచి రేటుకి కొనేవాడు ఈరోజు ఓడినా రేపు గెలుస్తాడు. చెడ్డ రేటుకి కొనేవాడు ఈరోజు గెలిచినా రేపు తిరిగి ఇచ్చేస్తాడు.

ఇది పట్టుకుని నేను చేసిన ఒక పని ఇప్పటికీ గుర్తొస్తుంది. ఒక పెద్దాయన, చిన్న కౌంటీ మ్యాచ్‌ల మీద మాత్రమే, ఎప్పుడూ ఉదయం పూట, చిన్న మొత్తాలు పెట్టేవాడు. ఆయన ఖాతా నాలుగు నెలల్లో కొంత నష్టంలోనే ఉంది. కానీ ఆయన కాసిన పందేల్లో ఎక్కువ భాగం మ్యాచ్ మొదలయ్యేసరికి ఆయన వైపుకి జరిగేవి. వారాంతపు నివేదికలో ఆయన నంబరు వచ్చింది. గుణకం 0.05 చేశాను. రెండు రోజులకి ఆయన ఉత్తరం వచ్చింది. "నేను మీకు డబ్బు పోగొట్టుకుంటున్నవాణ్ణి. ఏ తప్పు చేశానో చెప్పండి" అని మర్యాదగా అడిగాడు. జవాబులో కారణం రాయకూడదని రూలు. కస్టమర్ సర్వీసువాళ్లు "ఇది వ్యాపార నిర్ణయం" అన్న వాక్యమే పంపారు. ఆయన తప్పు ఆటని బాగా చదవడం. అదే వారం ఇంకో కస్టమర్ ఎనిమిది మ్యాచ్‌ల్ని కలిపి కాసిన పందెం తగిలి పెద్ద మొత్తం గెలుచుకున్నాడు. అతనికి పరిమితి తగ్గించలేదు. ఉచిత పందేల కూపన్ పంపాం, ఇంకా ఉండిపొమ్మని.

ఇక్కడ నా వాదన సూటిగా చెబుతాను. లయబిలిటీని అదుపులో పెట్టుకోవడం వ్యాపారి హక్కు. ఒక మ్యాచ్ మీద ఇంతకు మించి నష్టపోను అని ఎవరైనా అనొచ్చు. తెలిసినవాడు రాగానే రేటు మార్చుకోవచ్చు. కానీ మనిషిని చూసి పరిమితి మార్చడం నష్టభయంతో చేసే పని కాదు. పైన చూశారు, ఆ 20,000 పందెం మా నష్టభయాన్ని తగ్గించింది కూడా. రేటు తప్పని పట్టుకోగలవాడికి ఆ రేటు అమ్మకుండా, పట్టుకోలేనివాడికి మాత్రమే అమ్మడానికి చేసే ఏర్పాటు అది. నాన్న కొట్లో బోర్డు మీద ధర రాసి, తూకం తెలిసినవాడు వస్తే స్టాకు లేదని, తెలియనివాడు వస్తే ఎంత కావాలంటే అంత అని చెప్పడం లాంటిది. అలాంటి కొట్టుని పలాసలో ఏమంటారో చెప్పనక్కర్లేదు.

దీనికి నా పాత సహోద్యోగులు చెప్పే జవాబు నాకు తెలుసు. తెలిసినవాళ్లందరినీ తీసుకోమంటే మార్జిన్ పెంచాలి, అప్పుడు సరదాకి ఆడేవాడు నష్టపోతాడు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. 1.90 కాస్తా 1.85 కావచ్చు, చిన్న మ్యాచ్‌లకి రేట్లు ఆలస్యంగా రావచ్చు. కానీ ఇది చేసి చూసిన చోటు ఉంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో గుర్రప్పందేల మీద కనీస పందెం నియమం పెట్టింది. నగరంలోని పెద్ద రేసుల్లో 2,000 డాలర్ల వరకు పోయే పందేన్ని, గెలిచేవాడైనా సరే, బుక్‌మేకర్ కాదనకూడదు. తర్వాత విక్టోరియా కూడా ఆ దారి పట్టింది. ఆ నియమం గుర్రాలకే, క్రికెట్‌కి కాదు. రేసు రోజున ఫలానా సమయం తర్వాతే వర్తిస్తుంది, ఎందుకంటే ముందురోజు రేట్లు ఇంకా పచ్చిగా ఉంటాయి. ఆ మినహాయింపు సరైనదే, కబురు ఖరీదు ఎక్కువగా ఉండే వేళ అది. ఆ నియమంతో అక్కడి బుక్‌మేకర్లు కొట్లు కట్టేయలేదు. పందేలకి చట్టం ఒప్పుకునే ఏ చోటైనా ఇలాంటి నియమం ఉండాలని నేను గట్టిగా అంటాను. 2,000 డాలర్లు కాకపోతే 200 పెట్టండి. కానీ తెరమీద చూపించిన రేటుని అందరికీ ఒకే మొత్తం వరకు అమ్మండి. అది కూడా చేయలేకపోతే ఖాతా పక్కన ఉన్న ఆ గుణకాన్ని ఖాతాదారుడికి చూపించండి. 0.05 అని చూసినవాడికి తన తెలివి తెలుస్తుంది. 5 అని చూసినవాడికి తన పరిస్థితి తెలుస్తుంది.

మనవాళ్ల ఫోన్లలో ఉన్న యాప్‌లకి ఏ నియమమూ లేదు. పరిమితి ఎందుకు పెంచారు, ఎందుకు తగ్గించారు అని అడగడానికి ఆఫీసు లేదు, ఫిర్యాదు తీసుకునే అధికారి లేడు. కొన్నిచోట్ల పరిమితి పందెం దగ్గర కనబడదు కూడా. డబ్బు వేయడానికి అడ్డు ఉండదు, గెలిచి వెనక్కి తీసుకునేటప్పుడు ఆ పత్రం కావాలి, ఈ ఫోటో కావాలి అని నెలలు తిప్పుతారు. పోలీసు స్టేషన్‌కి వెళ్తే ముందు మనమే జవాబు చెప్పుకోవాలి.

ఇదంతా చెప్పాక మా మేనల్లుడు నమ్మలేదు. "నేను నెగ్గిన రోజులు కూడా ఉన్నాయి కదా మావయ్యా. నాకు ఆట తెలీదంటావేటి?" అన్నాడు. కోపం కూడా వచ్చింది వాడికి. సరే, నా మాట వద్దు, లెక్క చూద్దాం రమ్మన్నాను. వాడి ఫోన్‌లో పాత పందేలన్నీ ఉన్నాయి. మ్యాచ్ నడుస్తుండగా కాసినవి పక్కన పెట్టాం, వాటికి చివరి రేటు అంటూ ఉండదు. మ్యాచ్‌కి ముందు కాసినవి 40 తేలాయి. పాత రేట్లు దాచే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి. ఆ రాత్రి, మర్నాడు రాత్రి కూర్చుని, అక్క ఇంటి ఖర్చులు రాసుకునే నోటుపుస్తకంలో వెనక పేజీలు తీసి మూడు గళ్లు గీశాం. జట్టు, వాడు కొన్న రేటు, మ్యాచ్ మొదలైనప్పటి రేటు. వాడు ఫోన్ చూసి చదివేవాడు, నేను రాసేవాణ్ణి.

పదో వరుస వచ్చేసరికి వాడి గొంతు మారింది. 1.75కి కొన్నది 1.83కి వెళ్లింది. 2.10కి కొన్నది 2.25 అయింది. వాడు ఎక్కువగా ముందురోజు రాత్రి, తన అభిమాన జట్టు మీద, యాప్ నోటిఫికేషన్ వచ్చిన వెంటనే కాసేవాడు. మర్నాడు తెలిసినవాళ్లు అవతలి జట్టు మీద డబ్బు పెట్టేసరికి వాడి జట్టు రేటు పెరిగేది. అంటే వాడు ఆగి ఉంటే అదే జట్టు ఇంకా మంచి రేటుకి దొరికేది. 40లో 29 పందేలు అలా ఉన్నాయి. ఐదు కదల్లేదు. వాడు కొన్నాక వాడివైపు జరిగినవి ఆరు.

"ఆ ఆరు నావే కదా" అన్నాడు, కొంచెం ఆశగా.

"నీవే" అన్నాను. "కానీ ఆరేళ్లు నేను చూసింది ఈ మూడు గళ్లే నాన్నా. ఇలాంటి ఖాతా నా తెరమీదకి వచ్చి ఉంటే నేనూ నీ లిమిట్ ఐదు రెట్లు పెంచేవాణ్ణి."

వాడు నోటుపుస్తకం తన వైపు తిప్పుకుని మొదటి వరుస నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.